టేబుల్ నిండా వస్తువులున్న ఫొటో పంపి "ఇది పని చెయ్యట్లేదు" అంటే, ఏది అని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: ఇంటర్నెట్ సపోర్ట్‌లో కొత్తగా చేరాను. కస్టమర్లు వాట్సాప్‌లో టేబుల్ మొత్తం ఫొటో తీసి "ఇది పని చెయ్యట్లేదు" అని పంపుతున్నారు. అందులో పది వస్తువులుంటాయి. ఏదండీ అని అడిగితే "ఫొటో పంపాను కదా" అని విసుక్కుంటున్నారు. ఊహించి చెబితే ఒక్కోసారి తప్పవుతోంది. వాళ్లు అంటున్నది దేని గురించో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

ముందు ఫొటో పక్కన పెట్టి వాళ్లు రాసిన మాట చదవండి. ఆ మాట ఏ వస్తువులకు కుదరదో వాటిని ఒక్కొక్కటిగా కొట్టేస్తూ వెళ్లండి. పదింటిలో రెండో మూడో మిగులుతాయి. అప్పుడు ఫొటో తెరిచి, వాటిలో దేన్ని చూపించడానికి వాళ్లు ప్రయత్నించారో వెతకండి. అప్పటికీ రెండు మిగిలితే "ఏది?" అని అడగకండి, ఆ రెండింటినీ గుర్తులతో చెప్పి "ఇదా, అదా?" అని అడగండి. మీరు చేయమనబోయే పని పొరపాటున వేరే వస్తువు మీద జరిగితే నష్టం ఉంటుందనుకుంటే, మీకు ఎంత నమ్మకంగా ఉన్నా ఒకసారి అడిగే చెప్పండి.

నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట్లో ఫోన్ కాల్సే ఉండేవి, ఇప్పుడు సగానికి పైగా ఫొటోలే వస్తున్నాయి. ఫొటో వచ్చాక పని సులువవుతుందనుకున్నాం. కొన్ని విషయాల్లో కష్టమైంది. ఫోన్‌లో అయితే కస్టమర్ వస్తువును మాటల్లో వర్ణించక తప్పేది కాదు. ఫొటో ఉంటే "ఇది" అంటే చాలని అనుకుంటారు. వాళ్లు ఆ టేబుల్ ముందే కూర్చుని, ఆ వస్తువునే చూస్తూ టైప్ చేస్తుంటారు కాబట్టి వాళ్లకు అందులో అయోమయం ఏమీ కనిపించదు. అందుకే మన ప్రశ్నకు విసుగొస్తుంది. వాళ్ల విసుగును తప్పుపట్టలేం.

ఒక కేసు మొత్తం చెబుతాను, పద్ధతి అందులోనే తెలుస్తుంది.

ఒక ఎరువుల కొట్టు యజమాని ఉదయం ఎనిమిదింటికి ఫొటో పంపారు. కింద ఇలా రాశారు: "సార్ దీనికి నిన్న రాత్రి నుంచి ఎర్ర లైటు వస్తోంది. రీసెట్ కొట్టమంటారా". ఫొటోలో మానిటర్, కీబోర్డు, ప్రింటర్, తెల్లటి ఫైబర్ బాక్సు, రెండు యాంటెన్నాల నల్ల రౌటర్, టీవీ సెట్‌టాప్ బాక్సు, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఫోన్ ఛార్జరు, రశీదు పుస్తకాలు, కాలిక్యులేటర్, స్టీలు గ్లాసు ఉన్నాయి.

"ఎర్ర లైటు" అన్న మాటతో మొదలుపెట్టాను. రశీదు పుస్తకాలూ గ్లాసూ వెంటనే పోతాయి. కానీ ఎర్ర లైటు ఉండగలిగినవి అక్కడ ఇంకా చాలానే ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ పక్కన ఎర్ర ఇండికేటర్ ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు స్టాండ్‌బైలో ఉంటే చాలావాటికి ఎర్ర లైటే ఉంటుంది. యూపీఎస్‌కు, రౌటర్‌కు కూడా ఉండొచ్చు. ఫైబర్ బాక్సులో ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు, ఫైబర్ తీగలోంచి సిగ్నల్ అందనప్పుడు ఎర్రగా వస్తుంది.

తర్వాతది "నిన్న రాత్రి నుంచి". అంటే అంతకుముందు లేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు లైటు కరెంటు ఉన్నంతసేపూ వెలిగేదే, దాని గురించి ఇవాళ కొత్తగా ఎవరూ అడగరు. సెట్‌టాప్ బాక్సూ రోజూ అలాగే ఉంటుంది. ఈ ఒక్క మాటతో రెండు పోయాయి. కాలం చెప్పే మాటలను చాలామంది పట్టించుకోకుండా దాటేస్తారు. నాకు మాత్రం వస్తువు పేరు కంటే అవే ఎక్కువసార్లు దారి చూపించాయి.

ఆ తర్వాత "రీసెట్". యూపీఎస్‌కు ఎవరూ ఆ మాట వాడరు. వైఫై ఆగితే రీసెట్ కొట్టాలని ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు, అది ఆయన మనసులో ఉంది. కాబట్టి సంగతి ఇంటర్నెట్ గురించే. ఫైబర్ బాక్సో, రౌటరో. ఫొటోను పెద్దది చేసి చూస్తే రౌటర్ మీద నీలం లైట్లున్నాయి. ఎర్ర లైటు ఫైబర్ బాక్సుదే అయి ఉండాలి.

ఇక్కడే ఆగి జాగ్రత్తపడ్డాను, ఎందుకంటే ఆయన వాక్యంలో వస్తువులు రెండు ఉండొచ్చు. "దీనికి ఎర్ర లైటు" అన్నది తెల్ల బాక్సు గురించి. "రీసెట్ కొట్టమంటారా" అన్నది నల్ల రౌటర్ గురించి కూడా కావచ్చు. రెండింటి వెనకా చిన్న రంధ్రం ఉంటుంది. రెండూ కలిపి "వైఫై" అనే ఇంట్లో అందరూ అంటారు. లైటు ఏ వస్తువుదో తేలినంత మాత్రాన చేయబోయే పని కూడా ఆ వస్తువు మీదేనని అనుకోకూడదు.

అప్పుడు ఫొటోలో ఆధారం వెతికాను. బొమ్మ మధ్యలో రశీదు పుస్తకం ఉంది, స్పష్టంగా ఉన్నదీ అదే. ఫోన్ కెమెరా చాలాసార్లు తనంతట తాను దగ్గరగా ఉన్నదాని మీద ఫోకస్ పెడుతుంది కాబట్టి స్పష్టత ఒక్కటే చూసి నమ్మకండి. నాకు పనికొచ్చిన గుర్తు వేరు. తెల్ల బాక్సు మిగతా వస్తువుల్లా గోడకు ఆనుకుని లేదు. దాన్ని ముందుకు లాగి, లైట్లు కెమెరా వైపు కనిపించేలా తిప్పి స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టారు. దాని వెనక టేబుల్ మీద దుమ్ము లేని చోటు ఆ బాక్సంత మేర కనిపిస్తోంది. ఫొటో కోసం ఎవరైనా కదిపిన వస్తువు ఉంటే, నూటికి తొంభై సార్లు వాళ్లు అడిగేది దాని గురించే. లాగిన తీగ, పక్కకు నెట్టిన కాగితాలు, తెరిచిన మూత, తొలగించిన గుడ్డ, ఇలాంటివి చూడండి. నేను మొదట వెతికేది ఇదే.

ఆయనకు ఇలా రాశాను: "స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టిన తెల్ల బాక్సులోనేనా అండీ ఎర్ర లైటు? రీసెట్ ఏ బాక్సుకీ కొట్టకండి, ముందు ఇది చెప్పండి." వెంటనే "అవును సార్ అదే" అని వచ్చింది. ఆ బాక్సు వెనక ఆకు రంగు ప్లగ్గుతో సన్నటి పసుపు తీగ ఉంటుంది, అది ఎటు పోతోందో చూడమన్నాను. తీగ ప్రింటర్ వెనక నుంచి వెళ్తోంది. ముందు రోజు రాత్రి ప్రింటర్‌ను అటు జరిపారట. దాని కాలు తీగ మీద పడి తీగ మెలికపడింది. ఫైబర్ తీగ లోపల గాజు, గట్టిగా వంగితే వెలుగు అందులోంచి సరిగ్గా సాగదు. ప్రింటర్ ఎత్తి తీగను వదులు చేయించాను. నిమిషంలో ఎర్ర లైటు ఆరింది, కాసేపటికి నెట్ వచ్చింది.

ఆయన అడిగిన ప్రశ్నకే "సరే, రీసెట్ కొట్టండి" అని జవాబు చెప్పి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఎర్ర లైటు అలాగే ఉండేది, ఎందుకంటే లోపం తీగలో ఉంది. పైగా పిన్నుతో నొక్కితే బాక్సులో మనవాళ్లు వేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు అన్నీ చెరిగిపోతాయి. ఒక సమస్య రెండయ్యేది.

ఇంత జాగ్రత్త నాకు మొదటి నుంచీ లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక పెద్దాయన ఇంట్లో రెండు బాక్సులున్నాయి. ఆయన తర్వాత కొనుక్కున్న రౌటర్‌కు పాస్‌వర్డ్ మర్చిపోయారు. ఫొటో పంపారు. నేను "బాక్సు వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కండి" అన్నాను. ఏ బాక్సో చెప్పలేదు, నాకు ఫొటోలో రౌటరే కనిపిస్తోంది కాబట్టి ఆయనకూ అదే అనుకున్నాను. ఆయన దృష్టిలో బాక్సు అంటే మేం పెట్టిన బాక్సు. దాన్నే నొక్కారు. అది శనివారం సాయంత్రం, టెక్నీషియన్ సోమవారం గానీ వెళ్లలేకపోయాడు. ఆదివారం అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడడం ఆయనకు ఆ వారంలో ఒకే ఒక్క మంచి గంట. అది పోయింది. ఆయన నన్నేమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పటి నుంచి వస్తువు పేరు కస్టమర్ నోట ఏమొస్తే అదే వాడతాను, దానికి నేను చూసిన గుర్తు కలుపుతాను. మన దగ్గర చాలామందికి కేబినెట్ మొత్తం సీపీయూ, మానిటరే కంప్యూటర్, ఏ అడాప్టరైనా ఛార్జరే. ఫైబర్ బాక్సును మోడెం అంటారు, రౌటర్‌నూ మోడెం అంటారు. దాన్ని సరిదిద్దడం వల్ల మనకొచ్చేది ఏమీ లేదు, వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. "మీరు మోడెం అంటున్నది గోడకు మేకుకి తగిలించిన నల్లదేనా?" అని అడిగితే పేరు వాళ్లది, గుర్తు నాది. ఇద్దరం ఒకే వస్తువు దగ్గరకు చేరతాం.

గుర్తు చెప్పేటప్పుడు రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి కుడి ఎడమలు. మీరు చూసేది ఫొటో, వాళ్లు చూసేది టేబుల్. ఫొటో తీసింది టేబుల్‌కు అవతలి వైపు నుంచి అయితే, కుర్చీలో కూర్చున్నాక కుడి ఎడమవుతుంది. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తాయి. డబ్బాల మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయేమో చూస్తే అది తెలిసిపోతుంది. నేను అసలు కుడి ఎడమలే వాడను. టేబుల్ మీద ఒక్కటే ఉన్న, అందరికీ తెలిసిన వస్తువును ఆధారం చేసుకుంటాను. గ్లాసు, దేవుడి పటం, క్యాలెండర్, కళ్లజోడు. "నల్ల వైరు" ఆధారానికి పనికిరాదు, ప్రతి టేబుల్ మీదా ఆరుంటాయి.

రెండోది రంగులు. ముఖ్యంగా "పచ్చ". పచ్చగడ్డి అంటే ఆకు రంగు, పచ్చకామెర్లు అంటే పసుపు. ఒకే మాట, రెండు రంగులు. కొన్ని ఊళ్లలో పచ్చ అంటే సూటిగా పసుపే. "పచ్చ లైటు వెలుగుతోంది" అని ఒకామె అంటే ఫైబర్ బాక్సు బాగానే ఉందనుకుని అరగంట వైఫై సెట్టింగ్‌లు చూశాను. ఆమె చూస్తున్నది స్టాండ్‌బైలో ఉన్న మానిటర్ మీది పసుపు లైటు. ఫొటో అప్పటికే నా దగ్గరుంది, మాట మీద నమ్మకంతో తెరవలేదు. ఇప్పుడు "ఆకు రంగా, పసుపు కొమ్ము రంగా?" అని అడుగుతాను. ఎవరూ తప్పు చెప్పలేదు.

"ఇది", "అది" కూడా చూసుకోండి. ఫొటోతో పాటు "ఇది" అంటే సాధారణంగా ఫొటోలో ఉన్నదే. "అది మళ్లీ మొదలైంది" అంటే చాలాసార్లు ఫొటోలోది కాదు, ముందు మాట్లాడుకున్నది. పైకి జరిపి నాలుగైదు పాత మెసేజ్‌లు చదవండి. పోయిన వారం యూపీఎస్ కీచుమంటోందని చెప్పి ఉంటే, ఈ "అది" ఆ శబ్దమే. శబ్దం ఫొటోలో పడదు కాబట్టి, పాత మెసేజ్ చదవకపోతే మీరు ఫొటో అంతా వెతికి రౌటర్ దగ్గర ఆగిపోతారు. ఇంకోటి, వాళ్లు అడిగేది అసలు ఫొటోలోనే లేకపోవచ్చు. టేబుల్ కింద ఉండొచ్చు, లేదా వస్తువు కాకుండా మానిటర్ తెర మీది అక్షరాలు కావచ్చు. మీరు కొట్టేస్తూ పోగా ఏమీ మిగలకపోతే అదే అర్థం, కొట్టేసినవాటిలో ఒకదాన్ని బలవంతంగా ఎంచుకోకండి.

ఇక అడగాల్సి వచ్చినప్పుడు. రెండే మిగిలితే ముందు చెప్పినట్టు ఇదా అదా అని అడగండి. "ఏది?" అంటే వాళ్లు "అదే సార్, వైఫై" అంటారు, మనం మొదటికొస్తాం. మూడో అంతకన్నా ఎక్కువో మిగిలితే, వాళ్ల ఫొటోనే తెరిచి ఎడిట్‌లో పెన్నుతో ఒక్కో వస్తువు మీద 1, 2, 3 అని రాసి తిరిగి పంపండి, "నంబరు చెప్పండి చాలు" అనండి. నేనిది మొదలుపెట్టాక "ఫొటో పంపాను కదా" అన్న విసుగు దాదాపు పోయింది. వాళ్ల ఫొటో మనం శ్రద్ధగా చూశామని వాళ్లకు తెలుస్తుంది కాబట్టి అనుకుంటాను. వాళ్లనే గుండ్రంగా గీసి పంపమనడం వయసువాళ్లకు కుదరదు. వాళ్లకు "పెన్సిల్ దాని వైపు చూపిస్తూ ఇంకో ఫొటో తీయండి" అంటే సరిపోతుంది. వేలు అనకండి. వేలు పెడితే లైటు మూసుకుపోతుంది, పైగా వదులు ప్లగ్గుల దగ్గర చెయ్యి పెట్టించడం మంచిది కాదు.

ఫొటో చెప్పలేనిది ఒకటుంది. మినుకుమినుకుమనే లైటు ఫొటో తీసిన క్షణంలో ఆరి ఉంటే, మీకు ఆరిపోయిన లైటులాగే కనిపిస్తుంది. "ఈ లైటు వెలగట్లేదు కాబట్టి ఈ బాక్సే" అని ఒక్క ఫొటో మీద తేల్చకండి, పది సెకన్ల వీడియో అడగండి. చీకట్లో తీసిన ఫొటోలో రంగూ నమ్మలేం, లైటు మధ్యలో తెల్లగా మారి చుట్టూ మాత్రమే ఎరుపో పసుపో మిగులుతుంది. ఆ అంచు రంగు చూడాలి.

ప్రతిదానికీ అడగక్కర్లేదు కూడా. మిగిలిన రెండు వస్తువులకూ మీ జవాబు ఒకటే అయితే, పొరపడినా ఏమీ చెడకపోతే, నేరుగా చెప్పేయండి. "మోడల్ నంబరు ఎక్కడుంటుంది" అంటే ఫైబర్ బాక్సయినా రౌటరయినా సాధారణంగా కిందవైపు స్టిక్కర్ మీదే. అక్కడ ప్రశ్న వేసి వాళ్ల టైం తినడం దేనికి?

ఒక్క సందర్భంలో మాత్రం ఏ వస్తువో వెతకనే వద్దు. "దీని దగ్గర కాలిన వాసన వస్తోంది" అని ఫొటో వస్తే, గుర్తుపట్టే పని తర్వాత. ముందు గోడ మీది మెయిన్ స్విచ్ ఆపమనండి. వెంటనే ఇంకో మాట కూడా చెప్పాలి: ఫొటోలో యూపీఎస్ ఉంటే దాని మీది బటన్ కూడా నొక్కి ఆపమనండి. గోడ స్విచ్ ఆపితే యూపీఎస్ బ్యాటరీ మీదకు మారుతుంది, దానికి తగిలించిన వస్తువులకు కరెంటు అందుతూనే ఉంటుంది. మనిషి మాత్రం అంతా ఆగిందనుకుని దగ్గరకు వెళ్లి ప్లగ్గు లాగుతాడు. వాసన యూపీఎస్‌లోంచే వస్తుంటే దాన్నీ ముట్టుకోవద్దనండి, దూరంగా ఉండి ఎలక్ట్రీషియన్‌ను పిలవమనండి. అన్నీ ఆగాయని వాళ్లు చెప్పాకే ఫొటో తెరిచి, ఏ అడాప్టరు నల్లబడిందో చూడండి.